కౌంటరు దగ్గర ఒక్క కాగితం



ఈ పత్రికలో మీరు సాధారణంగా షుగరు వ్యాధి గురించి, గర్భిణీ స్త్రీల ఆహారం గురించి, పిల్లల టీకాల గురించి చదువుతూ ఉంటారు. ఈసారి నేను ఒక కాగితం గురించి రాస్తున్నాను. అది మందుల చీటీ కాదు. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే మీకు ఎదురయ్యే కౌంటరులో, అక్కడ కూర్చున్న అబ్బాయి లేక అమ్మాయి చేతికి అందే చోట ఉండవలసిన కాగితం. ఆ కాగితం లేకపోతే ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను గనుక రాస్తున్నాను.

మాది మెండోర. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు దగ్గరి ఊరు. పసుపు, మక్క, వరి పండే నేల. వానాకాలంలో మా వైపు పాముకాట్లు ఎక్కువ. కొన్నేళ్ళ క్రితం మా వాడకట్టులోని ఒక కూలి మనిషిని పసుపు చేనులో పొద్దుగూకే వేళ పాము కరిచింది. ఆటోలో వేసుకొని ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. రాత్రి తొమ్మిది దాటింది. కౌంటరులో ఉన్న కుర్రవాడు రెండు వేలు అడ్వాన్సు కట్టమన్నాడు. మా అందరి జేబుల్లో కలిపి ఆరు వందలున్నాయి. "సార్‌ను అడిగి చెప్తా" అని ఫోను చేశాడు. అటు ఫోను ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మేము బెంచీ మీద కూర్చున్నాం. అరగంటకు దగ్గర పడుతుండగా అటుగా వెళ్తున్న ఒక సిస్టరమ్మ ఆగి అతని ముఖం చూసింది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఆమె ఎవరినీ అడగలేదు. స్ట్రెచర్ తెప్పించి లోపలికి తీసుకుపోయింది. దేవుని దయవల్ల అతను బతికాడు.

తరువాత తెలిసిన సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఆస్పత్రి ఉద్యోగుల నియమావళి పుస్తకంలో, ప్రాణాపాయంలో వచ్చిన రోగి దగ్గర చికిత్సకు ముందు అడ్వాన్సు అడగరాదని స్పష్టంగా రాసే ఉంది. అరవై పేజీలు దాటిన ఇంగ్లీషు పుస్తకం అది. ఆ మాట నలభయ్యో పేజీ తరువాత, డబ్బు లెక్కల అధ్యాయంలో ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు ఆ కుర్రవాడు పుస్తకం అందిందని సంతకం పెట్టాడు. చదవలేదు. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లవాడు ఆ పుస్తకాన్ని రాత్రి తొమ్మిది గంటలకు, పాము కరిచిన మనిషిని ఎదురుగా పెట్టుకొని తిరగేస్తాడని ఎవరైనా అనుకోగలరా? అతను చెడ్డవాడు కాడు. నియమం తెలియనప్పుడు మనిషి తన ఉద్యోగానికి ఏది క్షేమమో అది చేస్తాడు. డబ్బు అడగడం క్షేమం. అడగకుండా లోపలికి పంపితే రేపు తన జీతంలో కోత పడుతుందేమో అన్నది అతని భయం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ప్రతి మిషన్ ఆస్పత్రీ తన ఉద్యోగుల పుస్తకంలో కౌంటరుకు సంబంధించిన సంగతులను ఒకే కాగితంగా, ప్రశ్నలు జవాబులుగా, తెలుగులో రాసి కౌంటరులో పెట్టాలి. పెట్టడమే కాదు, అందులో రోగులకు చెందిన జవాబులను రోగులకు కనబడేలా ఇవతలి వైపు కూడా అతికించాలి. ఈ రెండో మాటకు చాలామంది పెద్దలు ఒప్పుకోరు. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ కాగితం ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడిపోతుందో చెబుతాను. నేను పనిచేసిన చోట మేము కొందరం కూర్చొని అలాంటి కాగితం ఒకటి తయారు చేశాం. మొదటిసారి చెడగొట్టాం, రెండోసారి కుదిరింది.

మొదటిసారి చేసిన తప్పు ఏమిటంటే, పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాం. మొదటి అధ్యాయం ఆస్పత్రి చరిత్ర, రెండోది పనివేళలు, మూడోది సెలవులు. అధ్యాయానికి రెండు ప్రశ్నల చొప్పున మేమే ఊహించి రాశాం. "మన ఆస్పత్రి ఆశయము ఏమిటి?" అన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నను కౌంటరు దగ్గర ఒక్క రోగి కూడా ఎన్నడూ అడిగి ఉండడు. కాగితం చక్కగా అచ్చయింది, గోడకెక్కింది, నెల తిరగకముందే దాని మీద క్యాలెండరు వేలాడింది.

రెండోసారి పుస్తకం మూసేసి, కౌంటరులో ఒక నోటుబుక్కు పెట్టాం. రెండు వారాలు, మూడు షిఫ్టులూ. ఎవరు ఏమి అడిగినా అడిగిన మాటల్లోనే రాయాలి, శుద్ధి చేయకూడదు. పక్కన రెండే గీతలు. ఒక గీతలో, జవాబు తానే చెప్పాడా లేక ఇంకొకరిని అడిగాడా. రెండో గీతలో, అడిగితే ఎవరిని అడిగాడు. ఈ నోటుబుక్కులో అచ్చమైన మన మాటలు వచ్చాయి. "అన్నా, పైసలు ఇప్పుడే కట్టాల్నా?" "మా అమ్మను సూడనియ్యరా?" "డాక్టరు సారు ఎప్పుడొస్తడు?" "ఆ ఎక్స్‌రే కాగితాలు మాకియ్యరా, హైదరాబాదు తీస్కపోతం." "ఫలానా ఊరి మనిషి ఇక్కడ షరీకయిండట, ఏ రూము?" రాత్రి షిఫ్టు ప్రశ్నలు పగటి ప్రశ్నల్లా లేవు. పగలు సందేహం వస్తే అడగడానికి పదిమంది పెద్దలున్నారు. రాత్రి ఎవరూ లేరు. కాబట్టి ఈ కాగితం అన్నిటికంటే ముందు రాత్రి డ్యూటీ మనిషి కోసం అని అప్పుడు అర్థమైంది.

ఆ ప్రశ్నలను రెండు కుప్పలు చేశాం. రోజూ పదేపదే వచ్చేవి ఒక కుప్ప. ఎప్పుడో ఒకసారి వచ్చినా, జవాబు తప్పితే మనిషికి హాని జరిగేవి ఇంకో కుప్ప. చాలామంది మొదటి కుప్పతోనే ఆగిపోతారు, తరచూ అడిగేవే కదా రాయాలి అని. పాముకాటు మనిషి రోజూ రాడు. అయినా ఆ ప్రశ్నే కాగితం పైభాగాన ఉండాలి. రోజూ వచ్చే ప్రశ్నకు జవాబు వారం రోజుల్లో ఎవరికైనా నోటికి వస్తుంది. అరుదుగా వచ్చే ప్రశ్నకే కాగితం కావాలి.

రెండు కుప్పల నుండి పదహారు ప్రశ్నలు తీసుకున్నాం. ఒక్కొక్క ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఎక్కడుందో వెతికాం. కొన్నిటికి స్పష్టంగా ఉంది. కొన్నిటికి ఉంది గాని రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. కొన్నిటికి అసలు లేదు. ఇక్కడే జాగ్రత్త కావాలి. లేని జవాబును కాగితం రాసేవాడు తన తెలివితో పూరించకూడదు. ఆ ప్రశ్నలను విడిగా రాసి సూపరింటెండెంటు గారి ముందు పెట్టి, నిర్ణయం చేయించి, సంతకం తీసుకొని, ముందు పుస్తకంలో చేర్చి, ఆ తరువాతే కాగితంలోకి తేవాలి. పుస్తకంలో లేనిది కాగితంలో ఉంటే, గొడవ వచ్చిన రోజు ఆ కాగితాన్ని నమ్మి నడుచుకున్న గుమాస్తా ఒంటరివాడవుతాడు.

ఇంకొక ప్రమాదం అనువాదంలో ఉంది. ఇంగ్లీషు నియమాల్లో 'చేయవచ్చు' అన్నది వేరు, 'చేయాలి' అన్నది వేరు. బీద రోగికి బిల్లులో కొంత సూపరింటెండెంటు తగ్గించవచ్చు అని పుస్తకంలో ఉంటే, మా మొదటి కాగితంలో 'బీదలకు బిల్లు తగ్గిస్తారు' అని పడింది. చిన్న తేడా లాగే కనిపిస్తుంది. కాని ఒక పెద్దమనిషి ఆ మాట నమ్మి, డిశ్చార్జి రోజున తగ్గింపు తన హక్కు అనుకొని వచ్చాడు. కౌంటరు అమ్మాయి ఇవ్వలేనంది. ఇద్దరిదీ తప్పు కాదు, మా వాక్యానిది తప్పు. తరువాత ఇలా మార్చాం: "తగ్గింపు సూపరింటెండెంటు గారి నిర్ణయం. నేను మాట ఇవ్వలేను. దరఖాస్తు ఇక్కడే రాయించుకుంటాను, డిశ్చార్జికి ముందు రోజే ఇవ్వండి."

కుదించేటప్పుడు ముందుగా జారిపోయేది మినహాయింపు. రోగులను చూడటానికి వచ్చే సమయం సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు అనుకోండి. పుస్తకంలో దాని కింద నాలుగు పంక్తులున్నాయి. కాన్పు అయిన తల్లి దగ్గర ఒక ఆడమనిషి ఎప్పుడూ ఉండవచ్చు. చిన్నపిల్లల దగ్గర తల్లి గాని తండ్రి గాని ఉండవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన రోగి దగ్గరికి కుటుంబ సభ్యులను ఏ వేళనైనా పంపాలి. కాగితంలో చోటు లేదని '4 నుండి 6' అని మాత్రమే రాస్తే, గేటు దగ్గరి మనిషి దాన్నే పట్టుకుంటాడు. బొంబాయి నుండో, దుబాయి నుండో తండ్రిని కడసారి చూడటానికి వచ్చిన కొడుకును రాత్రి పది గంటలకు గేటు బయట నిలబెడతాడు. మా జిల్లాలో గల్ఫుకు పోయిన ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. ఆ కొడుకు మళ్ళీ ఎప్పటికీ ఆ ఆస్పత్రి మెట్లెక్కడు, అతన్ని తప్పు పట్టలేం. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ నియమం రాసినా, 'తప్ప', 'అయితే', 'లేనప్పుడు' అనే మాటలు పుస్తకంలో ఎక్కడున్నాయో ముందు ఎర్ర పెన్నుతో గీత పెట్టాలి. కాగితంలో నియమం పొట్టిదైనా సరే, ఎర్ర గీత పడినది పోకూడదు. చోటు చాలకపోతే ఇంకో ప్రశ్నను తీసేయాలి.

ఇప్పుడు ఒక జవాబు పూర్తిగా ఎలా ఉంటుందో చూపిస్తాను. పుస్తకంలో ఇలా ఉంది: "అత్యవసర స్థితిలో వచ్చిన రోగి నుండి ప్రథమ చికిత్సకు పూర్వము ముందస్తు రుసుము కోరరాదు. వైద్య, పోలీసు సంబంధిత లాంఛనములు చికిత్సను ఆలస్యము చేయరాదు." ఈ రెండు వాక్యాల వెనుక దేశ చట్టం ఉంది. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు చికిత్స చేయాలని, పోలీసు కాగితాలు తరువాత అని, ఈ బాధ్యత ప్రభుత్వ వైద్యులకే కాక ప్రైవేటు వైద్యులకూ ఉందని తీర్పు ఇచ్చింది. కాని కౌంటరు మనిషికి తీర్పు పేరు అక్కరలేదు. 'అత్యవసర స్థితి' అంటే ఏది అన్నది కావాలి. వైద్యుడు కాని మనిషి దాన్ని ఎలా తేల్చాలి? ఇక్కడ పుస్తకం మౌనంగా ఉంది. డాక్టర్లను కూర్చోబెట్టి అడిగితే ఆరు గుర్తులు చెప్పారు. కాగితంలో ఇలా వచ్చింది:

"రోగి పరిస్థితి బాగాలేదు. డబ్బు లేదంటున్నారు. ఏం చేయాలి?

డబ్బు మాట ఎత్తవద్దు. ఇవి ఉంటే వెంటనే క్యాజువాలిటీకి పంపాలి: ఊపిరి అందకపోవడం, స్పృహ లేకపోవడం, మూర్ఛ, ఆగని రక్తం, గుండె నొప్పి, పాము కాటు లేక పురుగుల మందు తాగడం. నొప్పులు పడుతున్న గర్భిణీ వస్తే నేరుగా కాన్పుల గదికి. అనుమానం ఉన్నా పంపాలి. అనుమానంతో పంపినందుకు ఎవరూ నిన్ను అడగరు. చీటీ తరువాత రాయవచ్చు. పోలీసులకు చెప్పవలసినది డ్యూటీ డాక్టరు చూసుకుంటారు. ఇంటివాళ్ళతో ఈ మాట చెప్పు: 'ముందు డాక్టరు చూస్తారు, డబ్బు సంగతి తరువాత మాట్లాడుకుందాం.' పుస్తకం పేజీ 43."

ఈ జవాబు కట్టుబడిని గమనించండి. మొదటి వాక్యమే ఏం చేయాలో చెబుతుంది. తరువాత ఎవరి దగ్గరికి పంపాలో ఉంది. తరువాత రోగి ఇంటివాళ్ళతో అనవలసిన మాట, అచ్చంగా నోటితో అనగలిగినట్లు ఉంది. చివర పేజీ నెంబరు. పేజీ నెంబరు ఎందుకంటే, గుమాస్తా తన పైవాడితో "నేను సొంతంగా చేయలేదు, పుస్తకం చెప్పింది" అని నిలబడటానికి. "అనుమానంతో పంపినందుకు ఎవరూ నిన్ను అడగరు" అన్న వాక్యం పుస్తకంలో లేదు. దాన్ని సూపరింటెండెంటు గారి చేత ఒప్పించి, పుస్తకంలో చేర్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ కాగితం మొత్తంలో విలువైనది నా దృష్టిలో ఆ వాక్యమే. పాము కరిచిన రాత్రి ఆ కుర్రవాడికి కొరవడింది నియమం ఒక్కటే కాదు, తాను పొరబడినా శిక్ష ఉండదన్న ధైర్యం కూడా.

44వ జాతీయ రహదారి మా వైపు నుండే పోతుంది కనుక, రోడ్డు ప్రమాదంలో గాయపడిన వాళ్ళను ఎవరో దారినపోయేవారు తీసుకొస్తారు. వాళ్ళను కౌంటరు దగ్గర ఆపి పేరు, ఊరు, ఫోను నెంబరు చెప్పమని పట్టుబట్టడం పాత అలవాటు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన నియమాలు, సాయం చేసినవారు తమ వివరాలు చెప్పడం వారి ఇష్టమని అంటున్నాయి. మా పుస్తకం అంతకు ముందుది. కాగితం తయారు చేస్తుంటేనే పుస్తకం పాతబడిందని బయటపడింది. అలా పుస్తకంలోని తప్పులు ప్రశ్నల వల్లనే దొరుకుతాయి.

రెండో ఉదాహరణ మన సంఘాలకు దగ్గరిది, కొంచెం నొప్పి కలిగించేది. నోటుబుక్కులో చాలాసార్లు కనిపించిన ప్రశ్న ఇది: "మా సంఘం ఆమె ఇక్కడ ఉందట, ఏం జబ్బు? ఏ రూము? ప్రార్థన చేసి పోతాం." ప్రేమతోనే అడుగుతారు. అయ్యగారు అడిగితే కౌంటరు అమ్మాయి కాదనలేదు. మిషన్ ఆస్పత్రిలో అయ్యగారిని కాదనడమా?

మన జిల్లాలోనే ఈ ప్రశ్నకు పాత జవాబు ఉంది. 1915లో డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆస్పత్రి ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చారు. ఊరు వెలివేసిన వాళ్ళు అక్కడికి వచ్చారు. జబ్బు పేరు బయటపడితే ఇల్లు, పెళ్ళి, పొలం పని అన్నీ పోయే రోజులవి. ఇప్పుడు ఆ జబ్బు మందులతో నయమవుతుంది. కాని పేరు బయటపడితే పోయేవి పూర్తిగా మారలేదు. క్షయ అయినా, ఎయిడ్స్ అయినా, ఆడపిల్ల గర్భం సంగతి అయినా అంతే. 2017లో చేసిన, 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టరాదని చెబుతోంది.

మా పుస్తకంలో ఉన్నది: "రోగి అనుమతి లేనిదే వైద్య సమాచారము ఇతరులకు వెల్లడించరాదు." కౌంటరు మనిషికి ఇది చాలదు. 'వైద్య సమాచారం' అంటే రిపోర్టు కాగితం అని ఆమె అనుకుంటుంది. ఏ వార్డు అని చెప్పడం కూడా జబ్బు చెప్పడమే అని తట్టదు. ఫలానా వార్డు అంటే ఊళ్ళో అందరికీ తెలుసు కదా. కాబట్టి కాగితంలో ఇలా రాశాం:

"బంధువులు, ఊరివాళ్ళు, సంఘం పెద్దలు, అయ్యగారు వచ్చి రోగి ఎక్కడ, ఏం జబ్బు అని అడిగితే?

ఏం జబ్బో, ఏ వార్డో చెప్పవద్దు. ఆ రోగి ఇక్కడ ఉన్నాడో లేడో కూడా ముందుగా చెప్పవద్దు. వచ్చినవారి పేరు అడిగి కూర్చోమను. వార్డు సిస్టరుకు ఫోను చెయ్యి. సిస్టరు రోగిని అడుగుతుంది. రోగి సరేనంటే వచ్చినవారిని వార్డు ఆయాతో పంపు. రోగి వద్దంటే ఇలా చెప్పు: 'క్షమించండి, ఎవరి గురించీ మేము చెప్పకూడదు. మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.' అయ్యగారికీ ఇదే జవాబు. రోగి స్పృహలో లేకపోతే డ్యూటీ డాక్టరును అడుగు. పుస్తకం పేజీ 27."

'అయ్యగారికీ ఇదే జవాబు' అన్న మాట మీద మా కమిటీలో చాలా చర్చ జరిగింది. అవమానంగా ఉంటుందని కొందరు అన్నారు. చివరికి ఒక వృద్ధ పాస్టరు గారే దాన్ని ఉంచమన్నారు. ఆయన అన్నది ఏమిటంటే, ఆ మాట రాసి ఉంటే కౌంటరులోని చిన్నపిల్ల తనను ఎదిరించినట్లు కాదు, కాగితం చదివినట్లు అవుతుంది, ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది అని. వార్డు పేరు చెప్పకుండా 'అడిగి చెప్తాను, కూర్చోండి' అంటే మీరు కోపం తెచ్చుకోకండి. రేపు మీరే ఆ మంచం మీద ఉండవచ్చు.

కాగితం రాయడం అయ్యాక పరీక్ష చేయాలి. ఆస్పత్రిలో చేరి పదిరోజులైన ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, మేమే రోగుల బంధువులమై, వరుస తప్పించి ప్రశ్నలు అడిగాం. ఆమె జవాబు ఎంత సేపట్లో వెతికిందో చూశాం. నాలుగు చోట్ల తడబడింది. రెండు చోట్ల మా వాక్యం పొడుగు. ఒక చోట ప్రశ్నను మా భాషలో రాశాం, రోగుల భాషలో కాదు. 'దస్తావేజుల ప్రతులు' అని ఉన్న చోట ఆమె 'ఎక్స్‌రే కాగితాలు' వెతుక్కుంది. నాలుగోది వేరు. జవాబు సరిగానే ఉంది, కాని అందులో ఉన్న ఫోను నెంబరు రాత్రిపూట ఎవరూ ఎత్తరు. పాముకాటు రాత్రి జరిగింది అదే కదా. అందుకే 'ఎవరిని అడగాలి' అన్న ప్రతి చోటా పగలు ఒక పేరు, రాత్రి ఒక పేరు, ఆ మనిషి ఎత్తకపోతే ఇంకొక పేరు రాశాం. ముగ్గురూ ఎత్తకపోతే ఏం చేయాలో కూడా రాశాం: క్యాజువాలిటీకి నడిచి వెళ్ళు.

అన్నీ ఈ కాగితంలో పట్టవు, పట్టించకూడదు కూడా. ఈ మాత్ర వేసుకోవచ్చా, ఈ నొప్పి దేనికి అని అడిగితే జవాబు ఒకటే: "నేను చెప్పకూడదు, సిస్టరును పిలుస్తాను." మంచం దొరుకుతుందా, ఆపరేషన్‌కు ఎంతవుతుంది అన్న ప్రశ్నలకు అంకెలు రాయలేదు. అవి మారుతూ ఉంటాయి, మారిన అంకె గోడ మీద అబద్ధమై కూర్చుంటుంది. ఉద్యోగుల జీతాలు, సెలవులు, క్రమశిక్షణ ఇవన్నీ పుస్తకంలోనే ఉండాలి. వాటిని తెలుసుకోవడానికి ఉద్యోగి పుస్తకం చదవాలి. కాగితం వస్తే పుస్తకం చదవరు అని కొందరు అంటారు. కాగితం రాకముందు మాత్రం ఎవరు చదివారు?

కాగితం అడుగున మూడు సంగతులు తప్పక ఉండాలి. ఏ తేదీన రాశారు, ఎవరు సంతకం చేశారు, ఏ తేదీ దాటితే ఇది చెల్లదు. మేము ఆరు నెలలు పెట్టాం. గడువు దాటిన కాగితాన్ని గోడ నుండి, డ్రాయరు నుండి, సెక్యూరిటీ గదిలో నుండి తీసి చింపాలి. కొత్తది అతికించి పాతది డ్రాయరులో వదిలేస్తే, సరిగ్గా అవసరం పడిన రాత్రి చేతికి పాతదే వస్తుంది. ఎన్ని ప్రతులు ఎక్కడెక్కడ ఇచ్చారో ఒక పట్టీ ఉంచుకుంటే ఈ పని సులువు.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన మాట. రోగులకు చెందిన జవాబులను రోగుల వైపు కూడా అతికించాలని నేను అంటాను. మా చోట దీనికి ఒప్పుకోలేదు. జనం కాగితం చూపించి తగాదా పెడతారని పెద్దల భయం. ఆ భయం నిజమే. పెడతారు. కాని ఆ రాత్రి బెంచీ మీద కూర్చున్న మాలో ఎవరికైనా 'ప్రాణాపాయంలో ముందు చికిత్స, తరువాత డబ్బు' అన్న మాట గోడ మీద కనిపించి ఉంటే, మేము వేలు పెట్టి చూపించి ఉండేవాళ్ళం. ఆ కుర్రవాడికి కూడా అది మేలే అయ్యేది. నియమం ఒక్క వైపే తెలిసి ఉంటే, అది నడుస్తోందో లేదో చూసే కన్ను ఇంకోటి ఉండదు. తగాదా వస్తే రానివ్వండి, తగాదా వచ్చిన చోటే మన వాక్యం తప్పో, మన నడవడి తప్పో తెలుస్తుంది. అన్ని ప్రశ్నలూ అక్కరలేదు. నాలుగు చాలు: ప్రాణాపాయంలో డబ్బు సంగతి, రోగిని చూసే వేళలు మినహాయింపులతో సహా, రోగి సంగతి ఎవరికి చెబుతారు, వైద్య కాగితాల నకళ్ళు ఎప్పుడు ఇస్తారు. ఈ నాలుగో దానికి కూడా నియమం ఉంది. 2002 నాటి వైద్యుల నీతి నియమావళి ప్రకారం రోగి గాని, అతను అధికారమిచ్చిన మనిషి గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. హైదరాబాదు వెళ్ళవలసిన రోగి ఇంటివాళ్ళు ఈ మాట తెలియక ఎన్నిసార్లు తిరిగారో నోటుబుక్కు చెబుతుంది.

మంచి సమరయుని కథ మనందరికీ బాల్యం నుండి తెలుసు. ఆ కథలో మనం సమరయుని గురించే ప్రసంగాలు వింటాం. నేను ఈ మధ్య పూటకూళ్ళవాని గురించి ఆలోచిస్తున్నాను. గాయపడిన ముక్కూ మొహం తెలియని మనిషిని తెచ్చారు. చేతికి వచ్చినవి రెండు దేనారములు. మిగతాది తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్న మాట మాత్రమే. అతను కాదనలేదు, తలుపు తెరిచాడు. అతనే ఆ కథలో కౌంటరు దగ్గరి మనిషి.

మీరు ఈసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు కౌంటరు దగ్గర ఆ కాగితం ఉందేమో చూడండి. లేకపోతే, మీరు అడిగి జవాబు దొరకని ప్రశ్న ఏదైనా ఉంటే, మీరు అడిగిన మాటల్లోనే ఒక చీటీ మీద రాసి సలహాల పెట్టెలో వేయండి. ఆ చీటీలే రేపటి కాగితంలో మొదటి ప్రశ్నలవుతాయి.